మెదడు పటంలో 17వ అంచె

సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లలో చెన్నై మెరీనా తీరం 66 సి/8 అనే షీటులో ఉంటుంది. ఆ పేరే దాని చిరునామా. దేశాన్ని మొదట నాలుగేసి డిగ్రీల పెద్ద గళ్లుగా విడగొట్టారు. వాటిలో 66వ గడి మన తీరం వెంబడి పోతుంది. ఆ గడిని అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు భాగాలు చేసి ఏ నుంచి పి వరకు అక్షరాలు పెట్టారు. వాటిలో సి అనే గడిని మళ్లీ పదహారు చేసి, ఒకటి నుంచి పదహారు వరకు అంకెలు వేశారు. ఏ మెట్టులో చూసినా కాగితం సైజు ఇంచుమించు ఒకటే. కిందికి దిగేకొద్దీ ఆ కాగితంలో నేల తగ్గుతుంది, వివరం పెరుగుతుంది. మెరీనా చూడాలనుకున్నవాడు దేశపటం మొత్తాన్ని బల్లమీద పరవక్కర్లేదు. అంకె చెబితే గుమాస్తా ఆ ఒక్క షీటు తీసి ఇస్తాడు.

ఆ పటాలకు పునాది వేసిన త్రికోణమితి సర్వేకు 1802లో విలియం లాంబ్టన్ తొలి కొలత గొలుసు సాగదీసింది సెయింట్ థామస్ మౌంట్ పక్కనే. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, గిండీ అడవిని ఆనుకుని ఐఐటీ మద్రాస్ ఉంది. అందులోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 డిసెంబరులో మరో రకం పటాన్ని లోకానికి విడుదల చేసింది. దాని పేరు 'ధరణి'. తల్లి కడుపులో 14 నుంచి 24 వారాల మధ్య ఉన్న దశలకు చెందిన ఐదు శిశు మెదళ్ల పటం అది. 5,132 సెక్షన్లు, ఐదువందలకు పైగా గుర్తించిన భాగాలు. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మెదడును గడ్డకట్టించి, మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంటే 20 మైక్రాన్ల మందంతో పొరలుగా కోసి, గాజు స్లైడు మీదికి ఎక్కించి, నిస్సల్ వంటి రంగులు పట్టించి, సూక్ష్మదర్శిని ఉన్న స్కానరులో పెట్టి తీసిన చిత్రాలు ఇవి. నిస్సల్ రంగు కణాన్ని ఊదా చుక్కగా చూపిస్తుంది. దూరం నుంచి మెదడు ఆకారం, దగ్గరకు వెళితే ఒక్కో కణం.

ఈ వ్యాసం ఆ దూరానికీ దగ్గరకూ మధ్య దారి గురించి. బ్రౌజరులో మౌస్ చక్రం తిప్పితే చిత్రం సాఫీగా దగ్గరకు వస్తుంది కదా, అక్కడ నిజంగా పెద్దదవుతున్నది ఏదీ లేదు. ఒక షీటు తీసి దాని చోట మరో షీటు పెడుతున్నారు, అంతే.

ముందు భారం ఎంతో చూద్దాం. లెక్క కోసం 5 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఒక సెక్షన్ అనుకుందాం. ఇలాంటి స్కానర్లలో ఒక పిక్సెల్ సాధారణంగా అర మైక్రాను. అంటే మిల్లీమీటరుకు రెండువేల పిక్సెళ్లు. అడ్డంగా 1,00,000, నిలువుగా 80,000, మొత్తం 800 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు బైట్లు వేసుకుంటే 24 జీబీ. ఇది ఒక్క సెక్షన్ సంగతి.

దీన్ని మామూలు ఫొటోలా పంపడం ఎందుకు కుదరదంటే, నెట్ నెమ్మది అన్నది అందులో చిన్న కారణమే. జేపెగ్ ఫైలులో ఒక పక్క 65,535 పిక్సెళ్లకు మించి పట్టదు, కాబట్టి మన చిత్రం జేపెగ్‌గా పుట్టనే పుట్టదు. పాత టిఫ్ ఫైలు 4 జీబీ దాటలేదు, అందుకే పెద్దవాటికి బిగ్‌టిఫ్ అనే కొత్త రూపం వచ్చింది. సరే, ఎలాగో పంపామనుకున్నా బ్రౌజరు దాన్ని తెరమీద పెట్టే ముందు మొత్తం విప్పాలి. విప్పాక మన చేతిలోని ఫోను మెమరీ ఎన్ని రెట్లు చాలదో చెప్పనక్కర్లేదు.

మరోవైపు చూసేవారి అవసరం చాలా చిన్నది. తెర 1920 అడ్డం, 1080 నిలువు ఉంటే అందులో పట్టేది 20 లక్షల పిక్సెళ్లే. 800 కోట్ల చిత్రంలో ఏ క్షణంలోనైనా కంటికి ఆనేది ఆ 20 లక్షలే. ఆ కాస్తనే పంపితే చాలు. చిక్కల్లా మొత్తం మెదడును ఒకేసారి చూడాలన్నప్పుడు వస్తుంది. అప్పుడు తెరలోకి కుదించాల్సింది 800 కోట్లూనూ. ముక్కలుగా కోసి పెట్టినా, మొత్తం చూడటానికి ముక్కలన్నీ పంపాలి. అందుకే కోయడం ఒక్కటే సరిపోదు, ముందే చిన్నవి చేసి పెట్టుకోవాలి.

పద్ధతి ఇది. అసలు చిత్రాన్ని సగం వెడల్పు, సగం ఎత్తుకు తగ్గించి ఒక నకలు చేస్తారు. ఆ నకలును మళ్లీ సగం. అలా ఒకే ఒక్క పిక్సెల్ మిగిలేదాకా. ఒక్కో నకలు ఒక అంచె. కింద వెడల్పాటి అసలు చిత్రం, పైన మొనలా ఒక్క పిక్సెల్, మధ్యలో మెట్లు మెట్లుగా తగ్గే నకళ్లు. అందుకే దీన్ని పిరమిడ్ అంటారు. మన లక్ష పిక్సెళ్ల చిత్రానికి 0 నుంచి 17 వరకు 18 అంచెలు వస్తాయి. 17వది అసలు చిత్రం. ఇన్ని నకళ్లు చేస్తే చోటు ఎన్నో రెట్లు కావాలేమో అనిపిస్తుంది గానీ, సగం వెడల్పు, సగం ఎత్తు అంటే విస్తీర్ణంలో నాలుగో వంతే. నాలుగో వంతు, పదహారో వంతు, అరవైనాలుగో వంతు అంటూ అన్నీ కలిపినా అసలులో మూడో వంతు దాటదు.

తర్వాత ప్రతి అంచెనూ చిన్న చదరాలుగా, అంటే టైళ్లుగా కోస్తారు. డీప్ జూమ్ పద్ధతిలో చదరం పక్క సాధారణంగా 254 పిక్సెళ్లు. ఈ అంకె వింతగా ఎందుకుందో తర్వాత తెలుస్తుంది. ఈ పద్ధతి సీడ్రాగన్ అనే చిన్న కంపెనీలో మొదలైంది. 2006లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొన్నది, 2008లో డీప్ జూమ్ పేరుతో బయటికి తెచ్చింది. ఇప్పుడు ఓపెన్‌సీడ్రాగన్ అనే ఉచిత వ్యూయర్ ఆ పేరును నిలబెడుతోంది.

కోసే పనికి నేను వాడేది లిబ్‌విప్స్. లండన్ నేషనల్ గ్యాలరీలో చిత్రపటాలను కొలిచి భద్రపరచడానికి నడిచిన వసారి అనే ప్రాజెక్టులో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. కమాండ్ ఒక్క వరుసే:

```
vips dzsave section.tif section --tile-size 254 --overlap 1 --suffix '.jpg[Q=85]'
```

24 జీబీ చిత్రాన్ని 8 జీబీ మెమరీ ఉన్న లాప్‌టాప్ మీద ఇది కోసేస్తుంది. ఎలాగో తెలిసినప్పుడు నాకు చాలా ముచ్చటేసింది. చిత్రాన్ని మొత్తం మెమరీలోకి తెచ్చుకోదు. పైనుంచి ఒక టైలు ఎత్తున్న పట్టీని మాత్రమే చదువుతుంది. ఆ పట్టీని టైళ్లుగా కోసి రాస్తూనే, సగానికి కుదించి పై అంచె పట్టీలో పోస్తుంది. అలా రెండు పట్టీలు పడితే పై అంచెలో ఒక పట్టీ నిండుతుంది. నిండగానే అదీ టైళ్లుగా మారి, సగానికి కుదించుకుని, దానిపై అంచెలోకి పోతుంది. చిత్రం అడుగుకు చేరేసరికి 18 అంచెలూ ఒకేసారి పూర్తవుతాయి. ఏ క్షణంలోనూ మెమరీలో అంచెకు ఒకటి రెండు పట్టీలకు మించి ఉండదు.

పని అయ్యాక చేతికి వచ్చేవి రెండు: `section_files` అనే ఫోల్డరు, `section.dzi` అనే చిన్న చీటీ. చీటీలో ఉండేది ఇంతే:

```
<Image xmlns="http://schemas.microsoft.com/deepzoom/2008"
  Format="jpg" Overlap="1" TileSize="254">
  <Size Width="100000" Height="80000"/>
</Image>
```

ఏ టైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఇందులో ఎక్కడా లేదు. అక్కర్లేదు కూడా. 66 సి/8 లాగే టైలు పేరే దాని చోటు. సెక్షన్‌లో ఎడమ నుంచి 61,000వ పిక్సెల్, పైనుంచి 33,500వ పిక్సెల్ దగ్గర ఒక కణం ఉందనుకుందాం. 61,000ను 254తో భాగిస్తే 240, మిగిలింది వదిలేయండి. 33,500ను భాగిస్తే 131. కాబట్టి ఆ కణం ఉన్న ఫైలు `17/240_131.jpg`. ఒక అంచె పైకి వెళ్లాలంటే రెండు అంకెలనూ సగం చేసి, భిన్నం వస్తే వదిలేయాలి: `16/120_65.jpg`. ఇంకా పైకి: `15/60_32.jpg`, `14/30_16.jpg`, `13/15_8.jpg`. వ్యూయర్ చేసే తెలివంతా ఈ భాగహారమే. తెరమీద ఏ భాగం ఉంది, ఎంత దగ్గరగా ఉంది అని చూసి, దానికి సరిపోయే అంచె ఎంచుకుని, తగిలే టైళ్ల పేర్లు కట్టి సర్వరును అడుగుతుంది. టైళ్లు దాదాపు అసలు సైజులో కనిపిస్తే తెర నిండటానికి ఎక్కువలో ఎక్కువ అడ్డంగా 9, నిలువుగా 6, అంటే 54 చాలు. ఒక్కోటి 15 కేబీ అనుకుంటే మొత్తం ఒక ఎంబీ లోపే. కొత్త టైళ్లు వచ్చేలోగా పై అంచెలో అప్పటికే ఉన్న టైలును సాగదీసి చూపిస్తుంది. అందుకే జూమ్ చేసినప్పుడు చిత్రం ఒక క్షణం మసకగా ఉండి తర్వాత తేటపడుతుంది. ఆ మసక లోపం కాదు, ఖాళీ తెర కనబడకుండా కాచేది అదే.

ఇక ఎక్కడ చెడుతుందో చూద్దాం.

మొదటిది అతుకులు. పక్కపక్క టైళ్లను సరిగ్గా గీత దగ్గర కోసి పేరిస్తే, చూపు ఏ అంచెకూ సరిగ్గా పొసగని మధ్య దూరంలో ఉన్నప్పుడు బ్రౌజరు టైలును కొంచెం సాగదీయాలి లేదా కుదించాలి. అలా చేసేటప్పుడు ప్రతి పిక్సెల్ రంగునూ పక్క పిక్సెళ్లతో కలిపి లెక్కిస్తుంది. అంచున ఉన్న పిక్సెల్‌కు పక్కన ఏమీ లేదు, కాబట్టి అక్కడ రంగు తేడా పడి వెంట్రుకంత గీత కనిపిస్తుంది. దీనికి మందు ఓవర్‌లాప్. ప్రతి టైలూ పొరుగు టైలు నుంచి ఒక పిక్సెల్ అప్పు తెచ్చుకుంటుంది. అటు ఒకటి, ఇటు ఒకటి కలిపితే 254 కాస్తా 256 అవుతుంది. వింత అంకె రహస్యం ఇదే. బొమ్మకు తన వాటా 254, ఫైలులో ఉండేది 256. మొదటి వరుసకు, చివరి వరుసకు ఒక పక్క పొరుగు ఉండదు గనుక అక్కడ కాస్త తక్కువ.

ఓవర్‌లాప్ 1తో కోసి, చీటీలో 0 అని రాస్తే ఏమవుతుందో నేనొకసారి చూశాను. చీటీని మరో ఫోల్డరు నుంచి తెచ్చి పెట్టాను. దూరం నుంచి చిత్రం బాగానే ఉంది. బాగా దగ్గరకు వెళ్లాకే, కొన్ని కణాల గీతలు ఒక్క పిక్సెల్ మేర విరిగినట్టు అనిపించాయి. కణజాలమే అలా చిరిగిందేమో అనుకుని చాలాసేపు చూశాను. ఆ విరుపులు సరిగ్గా ప్రతి 254 పిక్సెళ్లకు ఒకటి చొప్పున, నిలువుగా అడ్డంగా గళ్లు కడుతున్నాయని గమనించాక విషయం తెలిసింది. మెదడులో ఏ చిరుగూ గళ్లు కట్టదు. లోపం క్రమం తప్పని దూరంలో వస్తుంటే అది కోసిన చేతిది. స్కానరుకూ ఇదే పరీక్ష పనిచేస్తుంది. అది కూడా చిన్న చిన్న భాగాలు తీసి అతికేదే కాబట్టి, దాని అతుకులకూ ఒక క్రమం ఉంటుంది. కాకపోతే ఆ దూరం 254 కాదు.

రెండోది సగం చేయడంలో ఉంది. నాలుగు పిక్సెళ్లను ఒకటి చేయాలి. ఎలా? నాలుగింటి సగటు తీయవచ్చు, లేదా ఒకదాన్ని ఉంచి మూడింటిని పారేయవచ్చు. కణాల చిత్రానికి సగటే తీయాలి. ఒకదాన్ని ఉంచి మిగతావి పారేస్తే, పై అంచెల్లో ఏ కణం మిగలాలో అదృష్టం తేలుస్తుంది. చిత్రం ఇసుక చల్లినట్టు గరుకుగా తయారై, జూమ్ చేస్తుంటే మిలమిలలాడుతుంది. సగటు తీస్తే కణాలు మాయమవుతాయి గానీ వాటి లెక్క పోదు. కణాలు ఒత్తుగా ఉన్నచోట ముదురు ఊదా, పలచగా ఉన్నచోట లేత ఊదా మిగులుతుంది.

అయితే ఇదే సగటు మరోచోట ఘోరం చేస్తుంది. 'ధరణి' వంటి పటంలో కణాల చిత్రంతోపాటు భాగాల హద్దులు కూడా ఉంటాయి. ఆ హద్దులను చిత్రంగా నిలవ చేసే ఒక తీరులో, ప్రతి పిక్సెల్‌లోనూ రంగు బదులు ఆ భాగం అంకె ఉంటుంది. 10వ భాగం, 30వ భాగం ఆనుకుని ఉన్నాయనుకోండి. హద్దు మీది పిక్సెళ్లను సగటు తీస్తే 20 వస్తుంది. 20వ అంకె మెదడులో మరెక్కడో ఉన్న వేరే భాగానిది. దూరం నుంచి చూస్తే ప్రతి హద్దు వెంబడీ లేని భాగం ఒకటి సన్నని పట్టీలా మొలుస్తుంది. ఆ భాగం విస్తీర్ణం కొలిచేవాడు తప్పు జవాబు రాసుకుంటాడు. అంకెల చిత్రానికి కమాండులో `--region-shrink nearest` లేదా `--region-shrink mode` అని చెప్పాలి. మొదటిది నాలుగింటిలో ఒకదాన్ని ఉంచుతుంది, రెండోది ఎక్కువమంది ఏది అంటే దాన్ని. జేపెగ్ కూడా వాడకూడదు. అది పొరుగు అంకెలను కాస్త కాస్త మార్చేస్తుంది. పీఎన్‌జీలోనే కోయాలి.

మూడోది సంఖ్య. మన ఒక్క సెక్షన్‌కు 17వ అంచెలో అడ్డంగా 394, నిలువుగా 315, మొత్తం 1,24,110 టైళ్లు. అంచెలన్నీ కలిపితే 1,65,747. బరువు లెక్కన చూస్తే, టైలుకు 15 కేబీ వేసుకున్నా, రెండున్నర జీబీ. అది పెద్ద విషయం కాదు. కానీ 5,132 సెక్షన్లూ ఇంతే పెద్దవనుకుని అన్నింటినీ ఇలాగే కోస్తే దాదాపు 85 కోట్ల ఫైళ్లు. డిస్కులో చోటు మిగిలి ఉండగానే ఫైళ్ల పేర్లు రాసుకునే చోటు అయిపోతుంది. రెండున్నర జీబీ సినిమా ఒకటి కాపీ చేయడం వేరు, అంతే బరువున్న లక్షా అరవై వేల ఫైళ్లను కాపీ చేయడం వేరు. రెండోది చాలా ఎక్కువసేపు పడుతుంది, ఎందుకంటే బరువు కన్నా ప్రతి ఫైలునూ తెరిచి మూసే తతంగమే ఎక్కువ.

టైలు పక్కను 510కి పెంచితే కింది అంచెలో 30,929తో పని జరుగుతుంది, సుమారు నాలుగో వంతు. అయితే తెర మూలలో కొంచెం కావాలన్నా పెద్ద టైలు మొత్తం రావాలి. ఇంకా పెద్ద సంగ్రహాలకు టైళ్లను విడివిడిగా పరచకుండా, పిరమిడ్ అంతా ఒకే టిఫ్ ఫైలులో గానీ జేపెగ్ 2000 ఫైలులో గానీ పెట్టి, అడిగినప్పుడు సర్వరు అందులోంచి ఒక ముక్క తీసి ఇచ్చేలా చేస్తారు. షీట్లు అలమరాలో విడిగా ఉండే బదులు ఒక పుస్తకంగా కుట్టి, గుమాస్తా పేజీ తిప్పి ఇవ్వడం లాంటిది. ఫైళ్లు తగ్గుతాయి, బదులుగా ప్రతి అభ్యర్థనకూ సర్వరు కొంచెం శ్రమ పడాలి. చూసేవారు కొద్దిమంది, చిత్రాలు వేలల్లో అయితే ఇది మేలు. ఒకటి రెండు చిత్రాలను ఏ హంగూ లేని సర్వరు మీద పెట్టాలంటే విడి టైళ్లే మేలు.

ఒక చిన్న నష్టం గురించి కూడా చెప్పాలి. పైన చూపిన చీటీని మళ్లీ చూడండి. వెడల్పు, ఎత్తు పిక్సెళ్లలో ఉన్నాయి. ఒక పిక్సెల్ ఎన్ని మైక్రాన్లో ఎక్కడా లేదు. స్కానరు ఫైలులో ఆ అంకె ఉంటుంది, డీప్ జూమ్‌గా కోసేసరికి జారిపోతుంది. ఆ తర్వాత ఆ చిత్రం అందంగా ఉంటుంది గానీ, కణం ఎంత పెద్దదని అడిగితే చెప్పలేదు. `--properties` అని కలిపితే అసలు ఫైలు వివరాలు ఒక ఎక్స్ఎంఎల్ ఫైలుగా పక్కన నిలుస్తాయి. నేనైతే దానితోపాటు ఆ అంకెను విడిగా కూడా రాసి పెట్టుకుంటాను. టోపోషీటు కింద స్కేలు గీత చింపేసి పటం దాచుకోవడం ఎవరూ చేయరు కదా.

ఇప్పుడు ఆ కణం దగ్గరికి మళ్లీ వెళదాం, ఈసారి పైనుంచి. 11వ అంచెను కాస్త కుదిస్తే మెదడు సెక్షన్ మొత్తం తెరలో పడుతుంది. అక్కడ కణం అన్నదే లేదు. కడుపులో ఆరు నెలలు నిండని శిశువు మెదడులో రెండు ముదురు పట్టీలు మాత్రం కనిపిస్తాయి. ఒకటి బయటి అంచున, రేపటి కార్టెక్స్ కాబోయే కణాల దట్టమైన పొర. రెండోది లోపల, ద్రవం ఉండే గదుల గోడ వెంబడి, కొత్త కణాలు పుట్టే చోటు. రెండింటి మధ్య లేత రంగు. ఇక్కడ ముదురు అంటే కణాలు ఒత్తుగా ఉన్నాయని సగటు చెబుతున్న మాట, అంతకు మించి ఏమీ కాదు. 10 మైక్రాన్ల కణం అసలు చిత్రంలో 20 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. 13వ అంచెలో అది ఒక పిక్సెల్ కంటే కొంచెం ఎక్కువ. కాబట్టి `13/15_8.jpg` దగ్గర నూగు నూగుగా కనిపించేవాటిని కణాలుగా లెక్కపెట్టకూడదు. 14లో రెండున్నర పిక్సెళ్లు, చుక్కలు ఉన్నాయని నమ్మవచ్చు. 15లో ఐదు, ఇక లెక్క మొదలుపెట్టవచ్చు. 16లో పది, గుండ్రంగా ఉందా కోలగా ఉందా తెలుస్తుంది. 17లో `240_131` టైలు తెరుచుకుంటుంది. అది తన వంతుగా చూపించేది మెదడులో మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. బయటి పట్టీలో అయితే కణాలు నిలువు వరుసలు కట్టి నిలబడి ఉంటాయి.

మౌస్ చక్రం ఇంకా తిరుగుతుంది. వ్యూయర్ ఒప్పుకుంటే చిత్రం ఇంకా పెద్దదవుతుంది, కానీ సర్వరుకు కొత్త అభ్యర్థన ఏదీ పోదు. 18వ అంచె లేదు. పిక్సెళ్లే గళ్లు గళ్లుగా సాగుతాయి. ఆ కణం లోపలికి ఇంకా చూడాలంటే గిండీలో ఆ గాజు స్లైడును బయటికి తీసి, ఇంకా బలమైన లెన్సు కింద పెట్టాలి.